వెరిఫైడ్ పర్చేజ్ ముద్ర దేనికి సాక్ష్యం?

అమెజాన్‌లో రివ్యూ మీద కనిపించే ‘వెరిఫైడ్ పర్చేజ్’ ముద్ర రివ్యూలోని మాటలను బట్టి వచ్చేది కాదు. రాసినవారు ఆ వస్తువును అక్కడే, అందరికీ దొరికే ధరకే కొన్నారని రికార్డుల్లో తేలితే అది పడుతుంది. అంటే అది కొనుగోలుకు సాక్ష్యం, అభిప్రాయానికి కాదు.

మోసం ఇక్కడే దూరుతుంది. 1,200 రూపాయల ఇయర్‌ఫోన్స్ అమ్మే వ్యక్తి టెలిగ్రామ్ గ్రూపులో మనుషులను పోగేస్తాడనుకుందాం. వాళ్లు పూర్తి ధర కట్టి కొంటారు, 5 స్టార్లు ఇస్తారు, స్క్రీన్‌షాట్ పంపుతారు. ఆ 1,200 యూపీఐలో తిరిగి వస్తాయి. సైటుకు ఆర్డరు కనిపిస్తుంది, బయట తిరిగొచ్చిన డబ్బు కనిపించదు. ముద్ర నిజమైనదే, పొగడ్త మాత్రం కొనుక్కున్నది.

ఇంకో లొసుగు, వేరే సరుకు రివ్యూలను తమ పేజీలో కలిపేసుకోవడం. 2023లో అమెరికా ఎఫ్‌టీసీ బౌంటిఫుల్ అనే విటమిన్ల కంపెనీపై ఈ విషయంలోనే చర్య తీసుకుంది. ఇయర్‌ఫోన్స్ పేజీలో ఛార్జర్ గురించి రాసిన రివ్యూ కనిపిస్తే అనుమానించాల్సిందే.

ముద్ర లేనంత మాత్రాన రివ్యూ అబద్ధమూ కాదు. అదే వస్తువును ఊళ్లో దుకాణంలో కొని, నిజాయితీగా రాసినవారికీ అది పడదు.