రక్తం పలచబడే మందులు రెండు రకాలు

మందుల సహాయం కోరుతూ మన దగ్గరకు వచ్చే చీటీల్లో గుండె జబ్బువారివి ఎక్కువ. ఏం మందు వాడుతున్నారని అడిగితే చాలామంది ఒకటే జవాబు చెబుతారు: "రక్తం పలచబడేది సార్". స్టెంటు వేయించుకున్న పెద్దాయన అదే మాట అంటాడు, వాల్వు మార్పించుకున్న తల్లీ అదే అంటుంది. ఇద్దరి చీటీల మీద పేర్లు మాత్రం వేరు. ఆయనది ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్. ఆమెది అసిట్రోమ్ లేదా వార్ఫరిన్. ఒకే పేరుతో పిలవడం వల్ల ఒకటి దొరక్కపోతే రెండోది సరిపోతుందనే అభిప్రాయం గుమ్మలక్ష్మీపురం చుట్టుపక్కల ఊళ్లలో మేము తరచుగా వింటున్నాము. అది ప్రాణం మీదికి తెచ్చే అభిప్రాయం కాబట్టి ఈ సంచికలో దానినే వివరంగా చెప్పదలిచాము.

మొదట ఒక సంగతి. ఈ మందులు రెండూ రక్తాన్ని పలచన చేయవు. పాలల్లో నీళ్లు కలిపినట్టు ఏమీ జరగదు. రక్తం చిక్కదనం ముందు ఎంతో తర్వాతా అంతే. ఇవి చేసేదల్లా గడ్డ కట్టే పనిని అడ్డుకోవడం. ఆ పనిలో ఇద్దరు కూలీలు ఉంటారు. ఒక మందు ఒకరి చేయి పట్టుకుంటుంది, రెండోది మరొకరి చేయి పట్టుకుంటుంది.

కత్తిపీట వేలికి తెగినప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. రక్తంలో ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు తిరుగుతుంటాయి. నాళం గోడ చిరిగిన చోటికి ముందుగా చేరేవి ఇవే. గోడకు అంటుకుంటాయి, రసాయనాలు వదిలి తోటివాటిని పిలుస్తాయి, ఒకదానికొకటి అతుక్కుని కన్నం పూడుస్తాయి. వాగుకు గండి పడితే ఊరివాళ్లు పరుగున వచ్చి రాళ్లు వేసినట్టు. కానీ ఉత్త రాళ్లు ప్రవాహానికి ఎంతసేపు నిలుస్తాయి? రెండో పని అప్పుడే సాగుతుంది. కాలేయం తయారుచేసి రక్తంలోకి వదిలిన కొన్ని ప్రోటీన్లు ఒకదాన్నొకటి మేల్కొలుపుతూ చివరకు ఫైబ్రిన్ అనే దారాన్ని పుట్టిస్తాయి. ఆ దారాలు వలలా అల్లుకుని రాళ్లను బిగించి పట్టుకుంటాయి.

గాయం మానడానికి రెండూ కావాలి. జబ్బులో మాత్రం చోటును బట్టి ఒకటి పెద్దదవుతుంది. గుండెకు రక్తం తెచ్చే సన్నటి ధమనిలో కొవ్వు పేరుకుని, ఆ పూడిక పగిలిందనుకోండి. అక్కడ రక్తం వేగంగా, ఒరుసుకుంటూ పోతుంది. అంత వేగంలో మొదట అంటుకోగలిగేవి ప్లేట్‌లెట్లే. గుండెపోటులో, స్టెంటు మూసుకుపోవడంలో ముఖ్య పాత్ర వాటిది. రక్తం నిలిచిపోయే చోట కథ తిరగబడుతుంది. గుండె పైగది సరిగా ముడుచుకోకుండా వణుకుతూ ఉంటే, లేక లోహపు వాల్వు అంచుల్లో రక్తం సుడి తిరిగి ఆగితే, అక్కడ పెరిగేది ఫైబ్రిన్ వల. ఎర్రకణాలు అందులో చిక్కుకుంటాయి. ఆ గడ్డలో ముక్క ఊడి మెదడుకు పోతే పక్షవాతం.

ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ప్లేట్‌లెట్ల చేయి పట్టుకునే మందులు. ప్లేట్‌లెట్లు తోటివాటిని పిలవడానికి వాడే ఒక రసాయనం తయారు కాకుండా ఆస్పిరిన్ ఆపుతుంది. ప్లేట్‌లెట్‌లో కేంద్రకం లేదు కనుక చెడిన ఆ పనిముట్టును అది మళ్లీ చేసుకోలేదు. అది బతికే వారం పదిరోజులూ అలాగే ఉండిపోతుంది. రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర సరిపోవడానికి కారణం ఇదే. ఈ రకానికి నెలనెలా రక్తపరీక్ష కూడా అక్కర్లేదు.

వార్ఫరిన్, అసిట్రోమ్ ప్లేట్‌లెట్ల జోలికి పోవు. ఇవి కాలేయంలో పని చేస్తాయి. గడ్డ కట్టించే ప్రోటీన్లలో నాలుగింటిని పనికొచ్చేలా తయారుచేయడానికి కాలేయానికి విటమిన్ కె కావాలి. వాడిన విటమిన్‌ను కాలేయం తిరిగి తాజా చేసుకుంటూ ఉంటుంది, ఈ మందులు దాన్ని అడ్డుకుంటాయి. అయితే అప్పటికే తయారై రక్తంలో తిరుగుతున్న ప్రోటీన్లు ఖర్చు కావాలి గదా. వాటిలో ఒకటి కొన్ని గంటల్లోనే సగానికి తగ్గుతుంది, మరొకటి తగ్గడానికి రెండున్నర రోజులు పడుతుంది. అందుకే మందు మొదలుపెట్టిన నాలుగైదు రోజులకు గాని పూర్తి రక్షణ రాదు, ఆలోగా హెపారిన్ ఇంజెక్షను ఇస్తారు. (వార్ఫరిన్‌ను 1948లో ముందుగా ఎలుకల మందుగానే అమ్మారు. అది విని భయపడి మానేసినవారున్నారు. మోతాదులోనే ఉంది తేడా అంతా.)

ఇది పుస్తకాల్లోని వాదం మాత్రమే అనుకోకండి. మనుషుల మీద పరీక్షించి తేల్చారు. 1998లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో స్టెంటు వేయించుకున్నవారిని మూడు జట్లుగా విభజించారు. మొదటి నెలలో మరణం, గుండెపోటు, స్టెంటు మూసుకుపోవడం వంటివి ఎందరికి వచ్చాయో లెక్కపెట్టారు. ఆస్పిరిన్ ఒక్కటే తీసుకున్నవారిలో వెయ్యికి 36 మందికి, ఆస్పిరిన్‌తో వార్ఫరిన్ కలిపినవారిలో 27 మందికి వచ్చాయి. ఆస్పిరిన్‌తో ప్లేట్‌లెట్ల మీద పనిచేసే మరో మందు, అంటే క్లోపిడోగ్రెల్‌కు అన్నలాంటి టిక్లోపిడిన్, కలిపినవారిలో అయిదుగురికే.

2006లో వెలువడిన మరో పెద్ద అధ్యయనం గుండె లయ తప్పినవారిది. అక్కడ ఫలితం తలకిందులైంది. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ రెండూ కలిపి ఇచ్చినా ఏడాదికి వెయ్యిమందిలో 56 మందికి పక్షవాతం, గుండెపోటు వంటివి వచ్చాయి. వార్ఫరిన్ రకం తీసుకున్నవారిలో 39 మందికే. పెద్ద రక్తస్రావాలు మాత్రం రెండు జట్లలోనూ దాదాపు సమానమే. అంటే తప్పు రకం మందు వాడినవారికి రక్తం కారే ప్రమాదం తగ్గలేదు, రక్షణ మాత్రం తగ్గింది. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే చాలు.

ఇక మన ఊళ్లకు వద్దాం. ఉదాహరణకు ముప్పై నాలుగేళ్ల ఒక తల్లిని తీసుకుందాం. చిన్నప్పుడు గొంతునొప్పి వచ్చి, తర్వాత కీళ్లు వాచి, ఆ జ్వరం గుండె వాల్వును ముడతలు పెట్టింది. విశాఖపట్నంలో ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్యనున్న వాల్వు తీసి లోహపుది అమర్చారు. అసిట్రోమ్ రోజుకు 2 మిల్లీగ్రాములు రాశారు. ఐఎన్ఆర్ పరీక్షలో 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు. ఐఎన్ఆర్ అంటే రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని మామూలు మనిషితో పోల్చి చెప్పే అంకె. మందు వాడనివారికి అది 1 దగ్గర ఉంటుంది. ఆమెకు 2.8 వచ్చింది, బాగుంది.

వానాకాలంలో మాత్రలు అయిపోయాయి. వాగు పొంగి బస్సు లేదు. ఇంట్లో మామయ్యకు స్టెంటు వేశారు, ఆయన ఎకోస్ప్రిన్ అట్ట అలమారలో ఉంది. "అదీ రక్తం పలచబడేదే కదమ్మా, బస్సు తిరిగేదాకా ఇది వేసుకో" అన్నాడాయన ప్రేమగా. వారం గడిచింది. అసిట్రోమ్ ప్రభావం రెండు మూడు రోజుల్లోనే పోయింది, ఐఎన్ఆర్ 1.1కి దిగింది. ఆస్పిరిన్ తన పని తాను చేస్తోంది, పళ్లు తోముకుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది. అది చూసి మందు బాగా పట్టిందని ఆమె నమ్మింది. వాల్వు అంచున మాత్రం ఫైబ్రిన్ అల్లుకుంటూనే ఉంది.

దీన్ని పసిగట్టే గుర్తు ఒకటుంది. లోహపు వాల్వు మూసుకునేటప్పుడు గడియారంలా టిక్కుమంటుంది, రాత్రి నిశ్శబ్దంలో పక్కవారికీ వినబడుతుంది. ఆ శబ్దం మందగించినా, వినబడకుండా పోయినా, దానితో ఆయాసం వచ్చినా, మూతి వంకరపోయినా, చేయి పట్టు తప్పినా, మర్నాటి దాకా ఆగకూడదు. భద్రగిరి గాని పార్వతీపురం గాని, అందిన ఆసుపత్రికి ఆ గంటలోనే బయలుదేరాలి.

అంకె పెరిగినా ముప్పే. నీళ్ల విరేచనాలకు ఇచ్చే మెట్రోనిడజోల్ అసిట్రోమ్ బలాన్ని పెంచుతుంది. పైగా తిండి సహించక విటమిన్ కె తగ్గుతుంది. వారంలో ఐఎన్ఆర్ 5 దాటవచ్చు. ముక్కు నుంచి రక్తం, నల్లటి విరేచనం, తలకు దెబ్బ తగిలాక ఆగని నొప్పి దాని లక్షణాలు. క్షయ మందు రిఫాంపిసిన్ ఉల్టాగా బలాన్ని తగ్గిస్తుంది. ఆకుకూరల్లో విటమిన్ కె ఎక్కువ కనుక వానల్లో రోజూ ఆకుకూర, ఎండాకాలంలో అసలు లేకపోవడం అనే తేడా కూడా అంకెను ఊపుతుంది. మానేయమని కాదు, ఏడాది పొడవునా ఇంచుమించు ఒకే మోతాదులో తినమని. జ్వరానికి పిర్రకు వేసే సూది ఈ మందు మీద ఉన్నవారికి కండ లోపలే రక్తం గడ్డ తెస్తుంది. ఆర్ఎంపీ దగ్గర కూర్చోగానే చెప్పవలసిన మొదటి మాట అది. గర్భం అనుమానం వచ్చినా వెంటనే డాక్టరుకు చెప్పాలి, అసిట్రోమ్ కడుపులో బిడ్డకు హాని చేయగలదు. మందు మాత్రం తనంతట తాను ఆపకూడదు.

పరీక్షలేని కొత్త మందులు వచ్చాయిగదా అని అడిగే దాతలున్నారు. డాబిగాట్రాన్, రివరాక్సబాన్ వంటివి ఉన్నమాట నిజమే, లయ తప్పిన చాలామందికి అవి మేలు కూడా. కానీ లోహపు వాల్వు ఉన్నవారికి డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన పరిశోధనలో గడ్డలూ రక్తస్రావమూ రెండూ పెరగడంతో దాన్ని మధ్యలోనే ఆపేశారు. కీళ్లజ్వరం వల్ల వాల్వు చెడి లయ తప్పినవారిపై మన దేశంతో సహా 24 దేశాల్లో జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. అందులోనూ రివరాక్సబాన్ కన్నా పాత వార్ఫరిన్ రకమే ఎక్కువమందిని బతికించింది. స్టెంటూ లయ దోషమూ రెండూ ఉన్నవారికి, కొందరు వాల్వు రోగులకు, రెండు రకాలూ కలిపి ఇస్తారు. రక్తస్రావం ఎక్కువ కనుక ఎన్నాళ్లో డాక్టరే నిర్ణయించాలి.

రంజాన్‌లో అసిట్రోమ్, వార్ఫరిన్ రోజుకు ఒకసారే కనుక ఇఫ్తార్ తర్వాత ఒకే వేళకు వేసుకునే వీలుంది. భోజనం తీరు మారుతుంది గనుక ఉపవాసాలు మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి, నెల మధ్యలో ఒకసారి ఐఎన్ఆర్ చూపించుకోవాలి. ఒక పూట మరిచిపోతే మర్నాడు రెండు మాత్రలు వేసుకోకూడదు.

దాతలకు ఒక లెక్క. వాల్వు ఆపరేషన్ ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య పథకం భరిస్తుంది. మాత్రలు చవకే. మిగిలేది నెలనెలా పరీక్ష, కొండ మీద నుంచి ల్యాబు ఉన్న ఊరికి బస్సు చార్జీ, ఆ రోజు పోయే కూలి. పరీక్ష పేరు చీటీ మీద ఐఎన్ఆర్ అనే ఉండాలి. చాలాచోట్ల చేసే బీటీ, సీటీ పరీక్షలు ఈ మందు సరిపోయిందో లేదో చెప్పలేవు. వాల్వు రోగి చీటీ మీ చేతికి వస్తే మాత్ర పేరుతోపాటు కిందటి ఐఎన్ఆర్ తేదీ, అంకె చూడండి. తేదీ రెండు నెలల కిందటిదైతే మాత్రల డబ్బుకన్నా ముందు ఆ పరీక్ష డబ్బు ఇవ్వండి.