రూపాయి ప్లాన్‌కు రెండు గడువులు

2025 దీపావళికి బీఎస్ఎన్ఎల్ రూపాయి ప్లాన్ ప్రకటించింది. అపరిమిత కాల్స్, రోజుకు 2 జీబీ డేటా, 100 ఎస్సెమ్మెస్‌లు, ఉచిత సిమ్; వ్యాలిడిటీ 30 రోజులు. అక్టోబరు 15 నుంచి నవంబరు 15 వరకు అన్నది ప్లాన్ తీసుకోవడానికి ఇచ్చిన గడువు మాత్రమే. నవంబరు 10న సిమ్ యాక్టివేట్ చేసుకున్నవారికి సేవలు డిసెంబరు రెండో వారం దాకా అందాయి.

అసలు మెలిక మరోచోట ఉండేది. ఇది కొత్తగా చేరినవారికే. ఏళ్లుగా వాడుతున్న పాత నంబరుకు వర్తించలేదు. నమ్మకంగా ఉన్నవారికీ పండగ ఉండాలి కదా! రోజు కోటా అయిపోతే నెట్ వేగం బాగా పడిపోయేది. నెల తిరిగాక మామూలు ధరకే రీచార్జ్ చేయించాల్సి వచ్చేది. అందుకే ఇలాంటి సిమ్ తీసుకునేముందు రెండో నెల ఖర్చెంతో, మీ ఇంట్లో సిగ్నల్ ఎలా ఉందో కనుక్కోండి.