మరొక్క చిన్న మార్పు!

“అంతా బాగుంది. ఆ పిల్ల తల ఇటు కాక అటు తిప్పితే చాలును. ఎంతలో పని!”

స్వతంత్రంగా బొమ్మల చిత్రాలు తయారుచేసే యానిమేటరుకు ఇలాంటి కోరికలు కొత్త కావు. ఇది ఎంతలో పనో లెక్క వేసి చూద్దాం.

తెరమీద సెకనుకు 24 ఫ్రేములు నడుస్తాయి. ఒక్కొక్క బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడుకోవడం పరిపాటి. కనుక సెకనుకు 12 బొమ్మలు. పిల్ల తల తిప్పే దృశ్యం 4 సెకనులైతే 48 బొమ్మలన్నమాట. ముందు ముఖ్యమైన భంగిమలు గీసి, వాటి మధ్య బొమ్మలు పూరించి, గీతలు శుభ్రపరచి, రంగులు వేస్తారు. తల తిరిగే దిక్కు మారితే మొదటి భంగిమలే మారిపోతాయి. వాటితో 48 బొమ్మలూ వృథా. ఇదే మాట స్టోరీబోర్డునాడే అని ఉంటే, చెరపవలసినవి ఒకటి రెండు బొమ్మలే!

పరికిణీ రంగు మార్చమంటే మాత్రం అంత చిక్కు లేదు. కంప్యూటరులోని రంగుల పట్టికలో ఒక్కచోట మారిస్తే బొమ్మలన్నిటిలోనూ మారేటట్లు ముందే అమర్చుకోవచ్చు. ఏ మార్పు పెద్దదో, ఏది చిన్నదో పైకి చూస్తే తెలియదు. అందుకే ఆ సంగతి నొప్పించకుండా చెప్పవలసిన భారం గీసేవారిదే.

ఒక మిఠాయి దుకాణం యజమానికి అటువంటివారు పంపదగిన ఈ-మెయిలు ఇలా ఉంటుంది:

“అయ్యా, నమస్కారములు. చిత్రం మీకు నచ్చినందుకు సంతోషం. పరికిణీ రంగు మీరు కోరినట్లే మారుస్తాను. దానికి వేరే ఖర్చు లేదు. తల తిప్పడం విషయంలో ఒక మనవి. మన ఒప్పందంలోని రెండు విడతల సవరణలూ పూర్తి అయినవి. ఈ మార్పుకు 48 బొమ్మలు తిరిగి గీయాలి. నాలుగు రోజుల పని. రోజుకు 2,500 చొప్పున 10,000 రూపాయలవుతుంది. చిత్రం అందడం కూడా నాలుగు రోజులు ఆలస్యమవుతుంది. అలా కాక, తల కదపకుండా కళ్లు మాత్రం అటు తిప్పితే సగం రోజు పని, 1,250 రూపాయలు. ఉన్నది ఉన్నట్లే ఉంచినా సరే. మీ అభీష్టం తెలుపుతూ జవాబు వ్రాస్తే పని మొదలుపెడతాను.”

ఇందులో నిష్ఠూరం లేదు. ఉచితంగా చేసేది ముందు చెప్పి, డబ్బు అడిగేదానికి లెక్క చూపి, చవకదారి కూడా సూచించారు. అన్నిటికన్నా ముఖ్యం, పని చేశాక కాదు, చేయకముందే వ్రాశారు. చేశాక పంపే బిల్లు తగాదాకే దారితీస్తుంది.

అయితే ఒక హద్దు ఉంది. ఒప్పుకున్న స్టోరీబోర్డుకు భిన్నంగా గీసినవారే పొరబడితే, ఆ దిద్దుబాటుకు పైసా అడగరాదు. సవరణలు ఎన్ని విడతలో ఒప్పందంలో వ్రాసుకోకపోతే, ఎంత మర్యాదగా వ్రాసిన ఉత్తరానికైనా ఆధారం ఉండదు.