పాత లెక్కతో పెరిగే ఊపు

స్ప్రింగుకు ఒక బరువు కట్టి, కాస్త లాగి వదిలితే అటూ ఇటూ ఊగుతుంది. రాపిడి లేదనుకుంటే ఆ ఊపు తగ్గదు, పెరగదు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివే సరళ హరాత్మక చలనం ఇదే. దీన్నే కంప్యూటర్‌లో నడిపి చూసిన విద్యార్థికి తొలిసారి వింత దృశ్యం ఎదురవుతుంది. బరువు ఊగినకొద్దీ మరింత దూరం పోతూ చివరికి తెర దాటేస్తుంది. దాన్ని ఎవరూ తొయ్యలేదు. మరి ఆ శక్తి ఎక్కడిది?

కంప్యూటర్ కాలాన్ని చిన్న చిన్న అంగలుగా కోసుకుని నడుస్తుంది. ఒక్కో అంగలో రెండు పనులు చేస్తుంది. ఇప్పుడున్న వేగంతో బరువును జరుపుతుంది, ఇప్పుడున్న చోట స్ప్రింగు ఎంత లాగుతోందో చూసి వేగాన్ని మారుస్తుంది. లియొనార్డ్ ఆయిలర్ 1768లో అచ్చయిన పుస్తకంలో వివరించిన పద్ధతి ఇది. స్థానం `x`, వేగం `v`, అంగ `h` అనుకుని, బరువునూ స్ప్రింగు బిగువునూ 1గా తీసుకుంటే మూడు లైన్లు చాలు:

```
a = -x
x = x + h*v
v = v + h*a
```

అంగ 0.1 అనుకుని చేత్తోనే లెక్క వేసి చూడవచ్చు. బరువును 1 దగ్గరికి లాగి వదిలాం, వేగం సున్నా. మొదటి అంగ తర్వాత స్థానం 1, వేగం −0.1. రెండో అంగ తర్వాత స్థానం 0.99, వేగం −0.2. స్థానం వర్గాన్నీ వేగం వర్గాన్నీ కలిపితే వచ్చేది శక్తికి రెట్టింపు కాబట్టి, ఆ మొత్తం మారకూడదు. కానీ అది 1 నుంచి 1.01కి, అక్కడి నుంచి 1.0201కి పెరిగింది. అంగకు కచ్చితంగా ఒక శాతం చొప్పున చక్రవడ్డీ పడుతోందన్నమాట. ఒక పూర్తి ఊపుకు దాదాపు 63 అంగలు పడతాయి. పది ఊపులు పూర్తయ్యేసరికి శక్తి 500 రెట్లు దాటుతుంది, 1 దగ్గర మొదలైన బరువు దాదాపు 23 దాకా పోతుంది.

కారణం గానుగ చుట్టూ తిరిగే ఎద్దులో కనిపిస్తుంది. స్థానాన్ని అడ్డంగా, వేగాన్ని నిలువుగా గీస్తే ఈ బరువు బాట ఒక వృత్తం. ఎద్దు అడుగడుగునా కొద్దికొద్దిగా తిరుగుతుంది కనుక వృత్తం మీదే ఉంటుంది. ఆయిలర్ అంగ మాత్రం వ్యాసార్ధానికి లంబంగా, తిన్నగా వేసేది. లంబకోణ త్రిభుజంలో కర్ణం ఎప్పుడూ భుజం కన్నా పొడవే కాబట్టి ప్రతి అంగా కొంచెం బయటికే పడుతుంది. లోపలికి పడే అంగ ఒక్కటీ లేదు.

స్ప్రింగు వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. బరువు బయటికి పోతున్నప్పుడు, ఇంకా దగ్గరగా ఉన్నప్పటి పాత స్థానాన్ని చూసి స్ప్రింగు తక్కువగా ఆపుతుంది. తిరిగి వస్తున్నప్పుడు, దూరంగా ఉన్నప్పటి పాత స్థానాన్ని చూసి ఎక్కువగా లాగుతుంది. పోతున్నా వస్తున్నా లాభం బరువుదే.

అంగను పదో వంతుకు తగ్గిస్తే పది ఊపులకు శక్తి సుమారు 1.87 రెట్లవుతుంది. వేగం తగ్గిందే గానీ పెరుగుదల ఆగలేదు, లెక్క మాత్రం పదింతలైంది.

మందు ఇంతకన్నా చవక. ముందు వేగాన్ని మార్చి, ఆ కొత్త వేగంతోనే స్థానాన్ని జరపాలి:

```
v = v - h*x
x = x + h*v
```

దీన్ని సెమీ-ఇంప్లిసిట్ ఆయిలర్ అంటారు. 1981లో అమెరికన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో దీని గురించి రాసిన అలన్ క్రోమర్ పేరు కలిపి ఆయిలర్-క్రోమర్ అని కూడా అంటారు. ఈ కిటుకు కనిపెట్టింది ఒక హైస్కూల్ విద్యార్థిని అని ఆయనే చెప్పాడు.

మళ్లీ అదే 0.1తో మొదలుపెడితే మొదటి అంగకు వేగం −0.1, స్థానం 0.99. వర్గాల మొత్తం 0.9901. అంటే శక్తి ఇక్కడా కచ్చితంగా నిలవలేదు, ఈసారి తగ్గింది. అయితే ఈ మొత్తంలోంచి `h*x*v` తీసేస్తే సరిగ్గా 1 వస్తుంది. రెండో అంగలోనూ అంతే, లక్షో అంగలోనూ అంతే. ఆ కొత్త మొత్తం మారదు కనుక బాట ఒక దీర్ఘవృత్తం మీద కట్టుబడి ఉంటుంది. శక్తి అయిదు శాతం అటూ ఇటూ, ఒక్కో ఊపుకు రెండుసార్లు, ఎగిసి పడుతుందే తప్ప ఎక్కడికీ పారిపోదు. ప్రోగ్రాం ఏ పద్ధతిలో నడుస్తోందో అనుమానం వస్తే, ప్రతి అంగకూ శక్తిని అచ్చేసి చూస్తే చాలు. ఒకే దిక్కుకు ఎక్కుతుంటే మొదటిది, అలలా ఆడుతుంటే రెండోది.

దీనికీ హద్దుంది. ఈ స్ప్రింగుకు అంగ 2 దాటితే రెండో పద్ధతిలోనూ లెక్క పేలిపోతుంది. నడుమ నడుమ అంగ పొడవు మారుస్తూ పోతే, మారకుండా ఉండాల్సిన ఆ మొత్తమే మారిపోతుంది.

హైదరాబాద్‌లో పుట్టిన అనీసుర్ రెహమాన్ 1964లో 864 ఆర్గాన్ పరమాణువుల కదలికను కంప్యూటర్ మీద లెక్కగట్టాడు. మూడేళ్ల తర్వాత ఫ్రాన్స్‌కు చెందిన లూప్ వెర్లే అలాంటి లెక్కకే వాడిన పద్ధతి, సెమీ-ఇంప్లిసిట్ అంగకు దగ్గరి చుట్టం. అందులో వేగాన్ని అంగ నడుమ, స్థానాన్ని అంగ చివర చూస్తున్నట్టు లెక్క పడుతుంది. ఆ అర అంగ సర్దుబాటును లెక్కలోకి తీసుకుంటే, మన స్ప్రింగులో అదే 0.1 అంగకు అయిదు శాతం ఊగిసలాట పావు శాతానికి దిగుతుంది.