పెట్టె మీద పేరు లేని రంగులు

ఒక ఆదివారం మధ్యాహ్నం మా వీధిలో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి సెల్‌ఫోన్ పట్టుకుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. హైదరాబాదులో ఉండే వాళ్ల మేనమామకు ఎవరో తెలిసినవాళ్లు తమ పిల్లలు వాడి వదిలేసిన రంగుల పెట్టె ఒకటి ఇచ్చారట. ఆయన దాన్ని ఫోటో తీసి పంపించాడు.

“సార్, ఇవి వాటర్ కలర్సా, యాక్రిలిక్ కలర్సా? చెప్తే వాటికి తగ్గ కాగితం కూడా కొనుక్కొస్తానంటున్నడు మామయ్య. సాయంత్రం బస్సుకు బయల్దేరుతడు” అంది.

ఆమె తొందరకు కారణముంది. అంతకు వారం ముందే బడిలో ప్రదర్శన కోసం చెరువు కట్ట బొమ్మ వేసింది. జిరాక్స్ కాగితం మీద వేసింది. ఆకాశానికి రెండోసారి నీలం పూసేసరికి కాగితం అలలు అలలుగా లేచి, నూగు రేగి, చివరికి చిరిగిపోయింది. మా ఊళ్లో అంతకంటే మందమైన కాగితం దొరకదు. ఈసారి తప్పు కాగితం వచ్చిందంటే మళ్లీ ఆయన దసరాకు వచ్చేదాకా ఆగాల్సిందే.

ఫోటో చూశాను. పెట్టెకు మూత లేదు. పన్నెండు చిన్న లోహపు ట్యూబులున్నాయి. వాటి చివరలు మడిచి ఉండటంతో “కలర్” అన్న మాట కనబడుతోంది కానీ దాని ముందున్న మాట మడతలో పోయింది. పక్కన గుంటలున్న తెల్లటి ప్లాస్టిక్ పళ్లెం, రెండు కుంచెలు ఉన్నాయి.

పెట్టె ఎలా ఉందన్నది చూసి రంగు జాతి చెప్పడం అన్నిసార్లూ కుదరదు. బిళ్లల రూపంలో ఎండిన రంగులుంటే అవి వాటర్ కలర్సే అని దాదాపు ధైర్యంగా అనవచ్చు. యాక్రిలిక్‌ను అలా ఎండబెట్టి అమ్మరు, ఎందుకో కాసేపట్లో చూద్దాం. వెడల్పు మూతి సీసాల్లో చిక్కటి రంగులుంటే అవి బహుశా పోస్టర్ కలర్స్. ట్యూబుల దగ్గరే వస్తుంది చిక్కు. రెండు జాతులూ ట్యూబుల్లోనే వస్తాయి.

ట్యూబు ఎంత పెద్దదో తెలిస్తే కొంత ఆధారం దొరుకుతుంది. కానీ ఫోటోలో చీమనూ ఏనుగునూ ఒకే సైజులో చూపించవచ్చు కదా! అందుకని ట్యూబు పక్కన పది రూపాయల బిళ్ల పెట్టి, సరిగ్గా పైనుంచి మరో ఫోటో తీయమన్నాను. ఆ బిళ్ల అడ్డుకొలత 27 మిల్లీమీటర్లు. కొత్త ఫోటోలో ట్యూబు పొడవు బిళ్లకు రెండుంపావు రెట్లు వచ్చింది. అంటే సుమారు 6 సెంటీమీటర్లు. ఇలాంటి బుల్లి ట్యూబులో పట్టేది 5 మిల్లీలీటర్ల చిల్లర. వాటర్ కలర్‌ను నీళ్లతో బాగా పలచన చేసి వాడతారు గనుక అంత రంగు చాలా రోజులు వస్తుంది. యాక్రిలిక్‌ను మందంగా పూస్తారు. అందుకే దాని ట్యూబులు సాధారణంగా ఇంకా పెద్దవిగా ఉంటాయి, తెల్లరంగు ట్యూబు మరీ పెద్దది. ఇక్కడ పన్నెండూ ఒకే సైజులో ఉన్నాయి. తూకం వాటర్ కలర్ వైపు మొగ్గింది. అయితే చిన్న ట్యూబుల యాక్రిలిక్ పెట్టెలు కూడా లేకపోలేదు కాబట్టి ఇది రుజువు కాదు, అనుమానం మాత్రమే.

అసలు సాక్షి ఆ మురికి పళ్లెం. వాడి కడగకుండా వదిలేసిన పళ్లెం మనకు అదృష్టం! గుంటలో మందంగా ఎండిన నీలిరంగును ఫోటోలో పెద్దది చేసి చూశాం. ఎండాకాలం చెరువు అడుగున మట్టి నెర్రెలు విచ్చినట్లు ఉంది. మెరుపు లేదు. అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. అదే యాక్రిలిక్ అయితే పాల మీద మీగడలాగా ఒకే పొరగా కట్టి, కాస్త మెరుస్తూ, అంచు దగ్గర పైకి లేచి ఉండేది. గోటితో లాగితే ఆ పొర మొత్తంగా ఊడి వచ్చేది.

ఈ తేడా ఎందుకు వస్తుంది? ఏ రంగులోనైనా రంగునిచ్చే మెత్తని పొడి ఒకటి, ఆ పొడిని కాగితానికి అంటించే జిగురు ఒకటి ఉంటాయి. పొడి రెండు జాతుల్లోనూ ఒకటే కావచ్చు. జాతిని నిర్ణయించేది జిగురే. వాటర్ కలర్లో వాడేది గమ్ అరబిక్. ఇది ఆఫ్రికాలో, ముఖ్యంగా సూడాన్‌లో, తుమ్మజాతి చెట్ల నుంచి కారే బంక. మన తుమ్మబంకకు దగ్గర చుట్టం. నీళ్లలో కరుగుతుంది, ఎండితే గట్టిపడుతుంది, మళ్లీ తడిపితే మళ్లీ కరుగుతుంది. ఎన్నిసార్లయినా సరే! ఒట్టి బంక ఎండితే పెళుసుగా ఉంటుంది కాబట్టి మందంగా ఎండిన చోట పగులుతుంది.

యాక్రిలిక్‌లో జిగురు ఒక రకం ప్లాస్టిక్. అది నీళ్లలో కరిగి ఉండదు. మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటే చిన్న గుండ్లుగా, పాలలో వెన్నలాగా తేలుతుంటుంది. నీరు ఆవిరైపోగానే ఆ గుండ్లు ఒకదానికొకటి ఒత్తుకుని, అతుక్కుని, ఒకే పొర అయిపోతాయి. ఒకసారి అతుక్కున్నాక ఎన్ని నీళ్లు పోసినా విడిపోవు. అందుకే దాన్ని ఎండిన బిళ్లలుగా అమ్మడం కుదరదు. ఈ రకం రంగులు చిత్రకారుల చేతికి వచ్చింది 1950ల మధ్యలో, అమెరికాలో. తుమ్మజాతి బంక రంగులు వాటికంటే ఎంతో పాతవి.

ఇక కుంచెల సంగతి. ఒకటి గుండ్రటిది, గోధుమరంగు మెత్తటి వెంట్రుకలు నడుమ ఉబ్బి, కొసకు సన్నగా మొనదేలాయి. ఆ ఉబ్బిన చోటే నీళ్లు నిలుస్తాయి కాబట్టి అది వాటర్ కలర్ కుంచె. రెండోది బల్లపరుపుగా, తెల్లగా, బిరుసుగా ఉంది. రేకు తొడుగు దగ్గర వెంట్రుకల మొదట్లో ఏదో మెరిసే రంగు గడ్డకట్టి, కొసలు చీపురులా విచ్చుకున్నాయి. “అయితే యాక్రిలికే కదా సార్!” అంది అమ్మాయి. ఆ కుంచె యాక్రిలిక్‌లో మునిగిందన్న మాట నిజమే కావచ్చు. కానీ కుంచెలు ఒక పెట్టెలోంచి ఇంకో పెట్టెలోకి సులువుగా మారుతుంటాయి. పళ్లెంలో ఎండిన రంగు మాత్రం ఎక్కడికీ పోదు. రెండు సాక్ష్యాలు పోట్లాడుకుంటే కదలని దాన్నే నమ్మాలి.

అయినా ఫోటోతో ఇంతకు మించి చెప్పలేం. మేనమామకు ఫోన్ చేసి, చేతిరుమాలు కొస తడిపి పళ్లెంలో ఎండిన నీలం మీద అర నిమిషం అద్ది పట్టమన్నాను. “బట్టకు బాగా అంటింది సార్, పళ్లెంలో రంగు కరిగింది” అన్నాడు. యాక్రిలిక్ కాదని తేలిపోయింది. మీరూ ఈ పరీక్ష చేయవచ్చు. అయితే రంగు పూసి కనీసం ఒక రోజు ఆరనివ్వండి. పూర్తిగా ఆరని యాక్రిలిక్ కూడా కొంచెం బట్టకు అంటి మోసం చేస్తుంది.

ఇంకొక్క అనుమానం మిగిలింది. పోస్టర్ కలర్ కూడా తడిపితే కరుగుతుంది. దీనికి తేలిక ఉపాయం ఉంది. తెల్ల కాగితం మీద నల్ల బాల్ పెన్నుతో గీత గీసి, దాని మీద పసుపురంగును పలచగా పూయమన్నాను. గీత రంగులోంచి స్పష్టంగా కనబడింది. పోస్టర్ కలర్ అయితే గీతను చాలావరకు కప్పేసేది. వాటర్ కలర్ పారదర్శకం. దానికి వెలుగునిచ్చేది కింద ఉన్న తెల్ల కాగితమే. కాబట్టి కాగితం మంచిది కావాలి.

ఇప్పుడాయన దుకాణంలోంచి మూడు రకాల ఫోటోలు పంపాడు. మొదటిది పూలరేకులు కలిపి చేసిన చేతి కాగితం. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది, నాకే కొనాలనిపించింది! కానీ అలంకారానికి చేసే అలాంటి కాగితాల్లో చాలావాటికి సైజింగ్ ఉండదు. సిరిసిల్ల మరమగ్గాల దగ్గర ఈ మాట వినే ఉంటారు. పడుగు నూలుకు గంజి పట్టించడాన్ని అక్కడ సైజింగ్ అంటారు. కాగితానికీ అలాగే జెలటిన్ లాంటి పదార్థాలు పట్టిస్తారు. అప్పుడు నీరు వెంటనే లోపలికి ఇంకకుండా పైన కాసేపు నిలుస్తుంది, రంగును అటూ ఇటూ నడిపించే వ్యవధి దొరుకుతుంది. సైజింగ్ లేకపోతే కాగితం అద్దుడు కాగితంలా రంగును పీల్చేస్తుంది, బొమ్మ వెలవెలబోతుంది. ఫోటోలో ఇది తెలియదు. నమూనా ముక్క మీద ఒక నీటిచుక్క వేసి చూడమన్నాను. చుక్క చూస్తుండగానే మాయమై వెనకవైపు మరక తేలింది.

రెండోది 140 జి.ఎస్.ఎం. డ్రాయింగ్ కాగితం. జి.ఎస్.ఎం. అంటే ఒక చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క. జిరాక్స్ కాగితం సాధారణంగా 70 నుంచి 80 ఉంటుంది. అమ్మాయి బొమ్మ ఎందుకు అలలు లేచిందో ఇక్కడే ఉంది. కాగితంలోని నారపోగులు తడిస్తే పొడవులో కంటే అడ్డంగా ఎక్కువ ఉబ్బుతాయి. తడిసిన చోటు పెరుగుతుంది, పక్కనున్న పొడి చోటు పెరగదు. పెరిగిన భాగానికి పక్కకు చోటులేక పైకి లేస్తుంది. పలచని కాగితం వెంటనే వంగిపోతుంది. మందమైనది ఎదిరించి నిలుస్తుంది. 140 పెన్సిల్‌కు, క్రేయాన్లకు హాయిగా పనికొస్తుంది. నీళ్లు పారించి ఆకాశం వేయడానికి చాలదు.

మూడోది ఎ4 సైజు వాటర్ కలర్ ప్యాడ్, 300 జి.ఎస్.ఎం., కోల్డ్ ప్రెస్డ్ అని ఉంది. అంటే వేడి లేని రోలర్ల మధ్య నొక్కినది. పైన సన్నటి గరుకు ఉంటుంది. ఫోటోలో మాత్రం నున్నగా కనబడింది. ఎదురుగా పడే వెలుతురు గరుకును దాచేస్తుంది. ఫోన్ టార్చిని కాగితం అంచు నుంచి ఏటవాలుగా పట్టమంటే చిన్న చిన్న గుంటలు నీడలతో సహా తేలాయి. నీటిచుక్క కూడా గుండ్రంగా నిలిచింది. నూరు శాతం పత్తి కాగితం ఇంకా మేలైనదే, కానీ ధర చాలా ఎక్కువ. నేర్చుకునే చేతికి ఇది చాలు. కొనమన్నాను.

ఒకవేళ అవి యాక్రిలిక్ రంగులే అయితే ఇంత వెతుకులాట అక్కరలేదు. అందులోని ప్లాస్టిక్ తానే పొర కట్టుకుంటుంది కాబట్టి సైజింగ్ అంత ముఖ్యం కాదు. నునుపు మెరుపు లేని 250, 300 జి.ఎస్.ఎం. అట్ట సరిపోయేది. కుంచెను మాత్రం ఆరనివ్వకూడదు. ఆ తెల్ల కుంచె గతి చూశారుగా.

రాత్రికి ప్యాడ్ ఊరు చేరింది. మర్నాడు దాని మీద రాసిన అంకె నిజమో కాదో లెక్క చూశాం. ఎ4 కాగితాలు పదహారు కలిస్తే ఒక చదరపు మీటరు. 300ను 16తో భాగిస్తే ఒక కాగితం 18.75 గ్రాములు, నాలుగు కాగితాలు 75 గ్రాములు తూగాలి. కిరాణా కొట్టు కాటా మీద నాలుగు కాగితాలు పెడితే సరిగ్గా 75 చూపించింది.

తర్వాత కాగితం నాలుగు అంచులనూ చెక్క పలకకు కాగితపు టేపుతో అంటించి, గుండ్రటి కుంచెతో చెరువు కట్ట మళ్లీ మొదలుపెట్టింది. నీళ్లు ఎక్కువైన చోట 300 జి.ఎస్.ఎం. కాగితమూ కొంచెం ఉబ్బింది. ఆరాక మళ్లీ బిగిసింది. పెట్టెలో రెండు ట్యూబులు రాయిలా గట్టిపడి ఉన్నాయి. వాటిని పారేయబోతుంటే ఆపి, వాళ్ల నాన్న చేత బ్లేడుతో చీల్పించి, లోపలి గడ్డల్ని పళ్లెం గుంటల్లో పెట్టించాను. నాలుగు చుక్కల నీళ్లు వేసి పది నిమిషాలు ఆగేసరికి కుంచెకు ఎరుపు, ఆకుపచ్చ రెండూ అందాయి.