పీ53 డీఎన్‌ఏపై ఎక్కడ కూర్చుంటుంది: చిప్ ప్రయోగానికి రూపకల్పన

జన్యువుల పనిని పెంచే, తగ్గించే ప్రొటీన్లను ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు అంటారు. ఇవి డీఎన్‌ఏలో కొన్ని ప్రత్యేకమైన చోట్లను పట్టుకుంటాయి. బతికున్న కణంలో ఆ చోట్లు ఏవో కనిపెట్టే పద్ధతి క్రొమాటిన్ ఇమ్యునోప్రెసిపిటేషన్, క్లుప్తంగా ‘చిప్’. ప్రొటీన్‌ను డీఎన్‌ఏకు అతికించి, డీఎన్‌ఏను ముక్కలు చేసి, ఆ ప్రొటీన్‌ను గుర్తించే యాంటీబాడీతో పైకి లాగి, దానితో పాటు వచ్చిన ముక్కలు జీనోమ్‌లో ఎక్కడివో చూస్తారు. అయితే యాంటీబాడీ దేన్నీ పట్టుకోకపోయినా కొంత డీఎన్‌ఏ అంటుకుని వస్తూనే ఉంటుంది. అసలైన ముక్కలను ఈ అంటుడు సరుకు నుంచి వేరు చేసే ఏర్పాటు ముందే చేసుకోవాలి.

క్యాన్సర్‌ను అడ్డుకునే పీ53 ప్రొటీన్ ఇందుకు మంచి ఉదాహరణ. హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పీ53 మామూలు రూపంలోనే ఉంటుంది. ఆ జన్యువును తొలగించిన జోడీ కణాలు కూడా పరిశోధకులకు దొరుకుతాయి. ఒత్తిడి లేనప్పుడు ఎండీఎం2 అనే ప్రొటీన్ పీ53ని ఎప్పటికప్పుడు నాశనం చేయిస్తుంది. న్యూట్లిన్-3ఎ అనే మందు దాన్ని అడ్డుకుంటే పీ53 పోగుపడుతుంది. కాబట్టి రెండు రకాల కణాలనూ మందు వేసి, వేయకుండా పెంచితే నాలుగు నమూనాలవుతాయి. పీ53 లేని కణాల్లోనూ యాంటీబాడీ ఏదైనా చోటును చూపిస్తే, అది పీ53 చోటు కాదని తేలిపోతుంది. ప్రతి నమూనాలో కొంత భాగానికి, దేన్నీ ప్రత్యేకంగా గుర్తించని మామూలు ఎలుక యాంటీబాడీని కూడా వాడతారు.

యాంటీబాడీ ఎంపిక అన్నిటికన్నా కీలకం. వెస్టర్న్ బ్లాట్‌లో పనిచేసిన యాంటీబాడీ చిప్‌లోనూ పనిచేస్తుందన్న హామీ లేదు. అక్కడ ప్రొటీన్ మడతలు విప్పుకుని ఉంటుంది, ఇక్కడ డీఎన్‌ఏకు అతుక్కుని ఉంటుంది. పీ53కి ఎక్కువగా వాడే డీఓ-1 యాంటీబాడీ ఆ ప్రొటీన్ మొదటి కొసను గుర్తిస్తుంది. డీఎన్‌ఏను పట్టుకునేది మధ్య భాగం కాబట్టి, పట్టు కుదిరాక కూడా ఆ కొస యాంటీబాడీకి అందుతుంది.

ఒక్కో ఇమ్యునోప్రెసిపిటేషన్‌కు సుమారు కోటి కణాలు తీసుకుంటారు. అతికించడానికి 1 శాతం ఫార్మాల్డిహైడ్‌లో గది ఉష్ణోగ్రత వద్ద 10 నిమిషాలు ఉంచి, గ్లైసిన్‌తో చర్యను ఆపుతారు. సమయం తక్కువైతే పీ53 జారిపోతుంది. ఎక్కువైతే యాంటీబాడీ గుర్తించే భాగం మూసుకుపోతుంది, డీఎన్‌ఏ కూడా సరిగా తెగదు.

తర్వాత సోనికేటర్‌లో ధ్వని తరంగాలతో డీఎన్‌ఏను 200 నుంచి 500 బేస్ జతల ముక్కలుగా తెంపుతారు. ముక్కలు పొడవైతే పక్క ప్రాంతాలు కూడా వెంట వచ్చి చోటు మసకబారుతుంది. ఎంతసేపు తెంపాలో అసలు ప్రయోగానికి ముందే తేల్చుకోవాలి. ఇందుకు కొంత నమూనాను తీసి, 65 డిగ్రీల వద్ద అతుకులు విడదీసి, అగరోజ్ జెల్‌పై ముక్కల పొడవు చూస్తారు. అతుకులు విడదీయకుండా చూస్తే కొలత తప్పుతుంది.

తెంపిన సరుకులో 1 శాతాన్ని యాంటీబాడీ కలపకుండా పక్కన పెట్టాలి. దీన్ని ‘ఇన్‌పుట్’ అంటారు. జీనోమ్‌లో కొన్ని ప్రాంతాలు తేలిగ్గా తెగుతాయి. క్యాన్సర్ కణాల్లో కొన్ని ప్రాంతాల ప్రతులు ఎక్కువగానూ ఉండొచ్చు. ఇన్‌పుట్‌తో పోల్చకపోతే ఇవే పీ53 చోట్లుగా భ్రమింపజేస్తాయి.

మొత్తం జీనోమ్‌ను సీక్వెన్సింగ్‌కు పంపేముందు తెలిసిన చోట్లపై క్యూపీసీఆర్‌తో పరీక్షిస్తారు. పీ21 జన్యువు ఆరంభానికి సుమారు 2,300 బేస్ జతల ముందు పీ53 కూర్చునే చోటు ఉంది. దానికి పోలికగా జన్యువులకు దూరంగా ఉన్న, పీ53 పట్టుకోని ఒక ప్రాంతాన్ని తీసుకుంటారు. ఉదాహరణకు, రెండు చోట్లా 1 శాతం ఇన్‌పుట్ 25వ సైకిల్‌లో కనిపించిందనుకుందాం. పీ21 చోట యాంటీబాడీ లాగిన డీఎన్‌ఏ కూడా 25వ సైకిల్‌లోనే కనిపిస్తే, అక్కడి డీఎన్‌ఏలో 1 శాతం చేజిక్కినట్టు. దూర ప్రాంతంలో 30వ సైకిల్‌ దాకా కనిపించకపోతే, అక్కడ వచ్చింది 0.03 శాతమే. సైకిల్‌కు డీఎన్‌ఏ రెట్టింపవుతుంది కనుక 5 సైకిళ్ల తేడా అంటే 32 రెట్లు. పీ53 లేని కణాల్లో పీ21 చోట కూడా ఈ విలువ అట్టడుగుకు పడిపోవాలి. పడకపోతే తప్పు యాంటీబాడీదో, కడగడందో తేల్చుకోకుండా సీక్వెన్సింగ్‌కు వెళ్లకూడదు.

ప్రయోగాన్ని కనీసం రెండుసార్లు, వేర్వేరుగా పెంచిన కణాలతో చేయాలి. ఒకే గొట్టంలోని సరుకును రెండుగా పంచి చదివితే యంత్రం నిలకడ తెలుస్తుందే గాని, కణాల్లో జరిగేది మళ్లీ జరుగుతుందో లేదో తెలియదు. రెండిట్లోనూ నిలిచి, పీ53 లేని కణాల్లో కనబడని చోట్లనే లెక్కలోకి తీసుకుంటారు.

ఆ చోట్లలో చాలావాటిలో, పది అక్షరాల సగాలు రెండు పక్కపక్కన ఉండే పీ53 గుర్తింపు నమూనా కనిపించాలి. అది లేని చోట పీ53 మరో ప్రొటీన్ ద్వారా చేరి ఉండొచ్చు. ఆ సంగతి చిప్ తేల్చలేదు. పీ53 కూర్చున్నంత మాత్రాన పక్క జన్యువు దాని అదుపులో ఉందనీ చెప్పలేం. ఆ జన్యువు ఆర్‌ఎన్‌ఏ న్యూట్లిన్‌తో మారుతోందో, పీ53 లేని కణాల్లో మారడం లేదో విడిగా కొలవాలి.