పగలు నిద్ర, రాత్రి జాగారం

ఇరవై రోజుల పాప ఉన్న ఇల్లు. పొద్దున తొమ్మిదింటికి నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోస్తారు. పాలు తాగి పడుకున్న పాప మధ్యాహ్నం ఒంటిగంట దాకా కదలదు. ‘స్నానం బాగా పట్టింది’ అని అమ్మమ్మ మురిసిపోతుంది. సాయంత్రం మళ్లీ మూడు గంటలు ఏకబిగిన నిద్ర. తీరా ఇల్లంతా పడుకున్నాక, అర్ధరాత్రి దాటగానే పాప కళ్లు తెరుస్తుంది. నాలుగింటి దాకా ఎత్తుకుంటే చూస్తూ ఉంటుంది, దించితే ఏడుస్తుంది. పాలు చాలడం లేదేమోనని ఒకరు, దిష్టి తగిలిందేమోనని ఒకరు. పాలు బాగానే తాగుతూ, బరువు పెరుగుతున్న బిడ్డ విషయంలో చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. పగలేదో రాత్రేదో ఆ బిడ్డ ఒంటికి ఇంకా తెలియదు.

చీకటి పడితే మన మెదడు మెలటోనిన్ అనే హార్మోను విడుదల చేస్తుంది. నిద్రవేళ అయిందని ఒంటికి అందే కబురు అదే. కడుపులో ఉన్నన్నాళ్లూ బిడ్డకు ఇది తల్లి రక్తం నుంచి మాయ ద్వారా అందుతుంది. పుట్టగానే ఆ సరఫరా ఆగిపోతుంది. బిడ్డ శరీరం సొంతంగా, రాత్రిళ్లు ఎక్కువగా పగళ్లు తక్కువగా దాన్ని తయారుచేసుకోవడం సుమారు రెండు మూడు నెలలకు గానీ కుదురుకోదు. తల్లిపాలలో మెలటోనిన్ కొంత ఉంటుంది, అదీ రాత్రి పాలలోనే ఎక్కువ. పాలు పిండి దాచేవాళ్లు సీసాపై సమయం రాసుకుని, రాత్రి పాలను రాత్రికే పట్టడం మంచిది.

పసికందు మొత్తం నిద్ర రోజుకు 14 నుంచి 17 గంటలు. అయిదారు నెలల బిడ్డదీ 12 నుంచి 15 గంటల దాకా ఉంటుంది. కాబట్టి పెద్ద తేడా నిద్ర ఎంత అన్నదాంట్లో కాదు, అది ఎప్పుడు పడుతుందన్నదాంట్లో ఉంది. చిన్న పొట్ట, త్వరగా అరిగే పాలు కావడంతో పసిబిడ్డ రోజుకు 8 నుంచి 12 సార్లు తాగాలి. అందుకే నిద్ర రెండు మూడు గంటల ముక్కలుగా ఇరవై నాలుగు గంటలూ పరుచుకుంటుంది.

నిద్ర తీరూ వేరే. పసిబిడ్డ నిద్రలో దాదాపు సగం కలత నిద్ర. రెప్పల కింద కళ్లు కదులుతాయి, కాళ్లూ చేతులూ ఉలికిపడతాయి, మూలుగుతుంది, ముఖం చిట్లిస్తుంది, నవ్వుతుంది కూడా. దేవుడు ఆడిస్తున్నాడని పెద్దవాళ్లు అనే నవ్వు ఇదే. పెద్దవాళ్లు ముందు గాఢనిద్రలోకి జారుకుంటారు. పసిబిడ్డ ఈ కలత నిద్రతోనే మొదలుపెడుతుంది. ఒడిలో నిద్రపోయిన బిడ్డ మంచం మీద పెట్టగానే లేవడం అందుకే. పది పదిహేను నిమిషాలు ఆగి, చెయ్యి ఎత్తి వదిలితే వాలిపోయే దశలో దించితే లేవదు. నిద్రలో మూలిగిన ప్రతిసారీ ఎత్తుకుంటే మాత్రం నిద్రపోతున్న బిడ్డను మనమే లేపినట్టవుతుంది. ఒక్క నిమిషం గమనిస్తే చాలాసార్లు తనే సర్దుకుంటుంది. మూడు నాలుగు నెలలకు ఈ నిద్ర తగ్గి, గాఢనిద్ర ముందుకొస్తుంది, రాత్రి నిద్ర సాగుతుంది.

మొదటి ఇంటికి వద్దాం. చలిగాలి తగలకూడదని బాలింత గది కిటికీలు పగలూ మూసే ఉంటాయి. అక్కడ మధ్యాహ్నమైనా అర్ధరాత్రైనా ఒకటే మసక. బిడ్డ ఒంటి గడియారాన్ని దిద్దేది వెలుతురు కాబట్టి ముందు తీయాల్సింది ఆ కర్టెన్లే. గాలి వద్దనుకుంటే అద్దాలు మూసి ఉంచినా చాలు, ఎండలో పెట్టనక్కర్లేదు. తొమ్మిదిన్నరకు పాలు తాగి పడుకున్న పాపను పన్నెండున్నర దాటనివ్వకుండా లేపి, పాలిచ్చి, కాసేపు కబుర్లు చెప్పాలి. సాయంత్రం నిద్రకూ ఇదే లెక్క. పగలు ఇంటి చప్పుళ్లు ఆపనక్కర్లేదు. రాత్రి పాలు మామూలే, కానీ చిన్న బెడ్‌లైటు, మాటల్లేకుండా పని, దొడ్డికి వెళ్తేనో బాగా తడిస్తేనో డైపరు మార్చడం, అంతే. దీనివల్ల పాప రాత్రంతా పడుకోదు. వారం పది రోజుల్లో ఆ జాగారం కొద్దికొద్దిగా తగ్గుతుంది. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకు అసలు ప్రసవం కావాల్సిన తేదీ నుంచి లెక్కేసుకోవాలి.

ఎక్కువసేపు పడుకుంటుందని బోర్లా పడుకోబెట్టకూడదు; అది ప్రాణాంతకం కావచ్చు. ఎప్పుడూ వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండానే. అలాగే ప్రతి నిద్రనూ మామూలు నిద్ర అనుకోకూడదు. లేపినా లేచి పాలు తాగకపోయినా, మొదటి వారం దాటాక రోజుకు ఆరుసార్లు కూడా మూత్రం పోయకపోయినా, కళ్లూ ఒళ్లూ పచ్చబడుతున్నా, 100.4 డిగ్రీల జ్వరం ఉన్నా, పెదాలు నీలిబారినా ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించాలి.